వేరే యూనివర్సిటీ ల్యాబ్‌లో 45 రోజులు పని: స్టడీ లీవ్ పెట్టాలా, ఆన్ డ్యూటీ అడగాలా?

మడఅడవి స్కాలర్ (కాకినాడ)

అందరికీ నమస్కారం అండి. నేను జియాలజీలో ఫుల్‌టైమ్ పీహెచ్‌డీ, మూడో ఏడు. యూజీసీ ఫెలోషిప్ వస్తోంది, ఎస్ఆర్ఎఫ్ అయింది. కోరంగి మడ అడవిలో గౌతమి పాయ పక్కన తీసిన ఒండ్రు కోర్ ఒకటి ఉంది, పొడవు 50 సెంటీమీటర్లు. దాని పొరల వయసు లెడ్-210తో కట్టాలి. మా డిపార్ట్‌మెంట్‌లో గామా స్పెక్ట్రోమీటర్ లేదు. పక్క రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్ గారు మెయిల్‌లో "రండి, చేసుకోండి" అన్నారు. మా గైడ్ గారు "స్టడీ లీవ్‌కి అప్లికేషన్ పెట్టమ్మా, ఫార్వర్డ్ చేస్తాను" అన్నారు. ఎన్ని రోజులు అడగాలో, అప్లికేషన్‌లో ఏం రాయాలో తెలియడం లేదు. నెల రోజులు సరిపోతాయా? లీవ్ పెడితే ఫెలోషిప్ ఆగుతుందా?

బుల్లిబాబు (అమలాపురం)

దీనికింత కంగారెందుకండీ. ఫెలోషిప్‌లో ఏడాదికి 30 రోజుల సెలవు ఉంటుంది. అది వాడేసుకుని వెళ్లి వచ్చేయండి. గైడ్ గారి సంతకం చాలు, రిజిస్ట్రార్ ఆఫీసు దాకా వెళ్లక్కర్లేదు. ఫైలు అక్కడికి వెళ్లిందంటే సంక్రాంతి వచ్చి వెళ్లిపోతుంది.

టపాల్ సెక్షన్ (రాజమండ్రి)

బుల్లిబాబు గారూ, 30 రోజులు ఉన్న మాట నిజమే. గైడ్, హెచ్‌ఓడీ సంతకాలతో పని జరిగిపోవడం కూడా నిజమే, కాకపోతే అది మూడు నాలుగు రోజుల శాంపిలింగ్‌కి. నెల దాటి, అందులోనూ రాష్ట్రం దాటి ఉండే పనికి అది నప్పదు.

అమ్మా, ముందు ఆ "స్టడీ లీవ్" అన్న మాట అప్లికేషన్‌లో రాయకండి. స్టడీ లీవ్ ఉద్యోగికి ఇచ్చేది. మీరు ఫుల్‌టైమ్ స్కాలర్, మీకు కావలసింది "థీసిస్ పని నిమిత్తం ఫలానా యూనివర్సిటీలో పనిచేయడానికి అనుమతి, ఆ కాలాన్ని ఆన్ డ్యూటీగా పరిగణించవలెను" అనే ప్రొసీడింగ్స్. లీవ్ అని రాశారంటే సెక్షన్‌లో గుమాస్తా లీవ్ ఖాతా తీస్తాడు. 30 రోజులు అక్కడ కొట్టేసి, ఆ పైన పడే రోజుల్ని ఏం చేయాలో తెలియక ఫైలు మీద "క్లారిఫై" అని రాసి వెనక్కి పంపుతాడు. తప్పు అతనిది కాదు, మీరు రాసిన మాటది.

లీవ్‌కీ ఆన్ డ్యూటీకీ తేడా మూడు చోట్ల తగులుతుంది. నెలనెలా మీ ఫెలోషిప్ కన్ఫర్మేషన్ కెనరా బ్యాంక్ పోర్టల్‌లో యూనివర్సిటీ వాళ్లే పెట్టాలి. మేకర్ ఎక్కిస్తే చెకర్ ఆమోదిస్తాడు. మీరు క్యాంపస్‌లో కనపడకపోతే, చేతిలో ప్రొసీడింగ్స్ కాపీ లేకపోతే మేకర్ ఆ నెల మీ పేరు పక్కన పెట్టేస్తాడు. ఆగిన నెల తర్వాత ఎరియర్స్‌గా రావచ్చు గానీ దానికి మళ్లీ ఒక ఉత్తరం, మళ్లీ ఒక తిరుగుడు. రెండోది కంటింజెన్సీ, అంటే పరిశోధన ఖర్చులకి ఫెలోషిప్‌తో పాటు ఇచ్చే డబ్బు. సెలవులో ఉన్న రోజుల్లో పెట్టిన ఖర్చుకి బిల్లు పెడితే ఆడిట్‌లో మొదట అడిగే ప్రశ్న "సెలవులో ఉండి పనెలా చేశారు?" అని. మూడోది, అక్కడి ల్యాబ్‌లో ఏదైనా విరిగినా, మీకేదైనా అయినా, మిమ్మల్ని పంపింది యూనివర్సిటీ అనడానికి కాగితం ఉండాలి. లీవ్‌లో వెళ్తే మీ సొంత పనికి వెళ్లినట్టే లెక్క.

లెక్చరర్ రావులపాలెం

నాదీ ఇదే సమస్య అండి. డిగ్రీ కాలేజీలో పని చేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. స్టడీ లీవ్‌కి మూడేళ్ల సర్వీసు ఉండాలంటున్నారు, బాండ్ రాయాలంటున్నారు. పైన అడిగిన అమ్మాయి కూడా బాండ్ రాయాలా? ఎంతకి రాయాలి? నాకు రెండు నెలలు కావాలి.

టపాల్ సెక్షన్ (రాజమండ్రి)

మాస్టారూ, మీ దారి వేరు. మీరు ఉద్యోగి కాబట్టి మీకు నిజంగానే స్టడీ లీవ్ వర్తిస్తుంది. యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి కనీసం మూడేళ్ల నిరంతర సర్వీసు తర్వాత అనే ఉంది, తిరిగొచ్చాక పని చేస్తానని బాండ్ కూడా ఉంది. అయితే రెండు నెలల ల్యాబ్ పనికి స్టడీ లీవ్ పెట్టడం అంటే కాలవ దాటడానికి లాంచీ కట్టించుకోవడమే. వేసవి సెలవుల్లో పని పెట్టుకుని, హెడ్‌క్వార్టర్స్ వదలడానికి ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకుని, మిగిలిన రోజులకి మీ ఖాతాలో ఉన్న సెలవు వాడుకోవడం తేలిక. యూనివర్సిటీ వైపు నుంచి మాత్రం మీకూ ఆ అమ్మాయికి కావలసిన అనుమతే కావాలి. అంటే మీకు రెండు కాగితాలు, ఆమెకి ఒకటి. స్కాలర్‌కి బాండ్ ఉండదు. మీది ఎయిడెడా, ప్రైవేటా, ప్రభుత్వమా చెబుతూ విడిగా ఇంకో చర్చ పెట్టండి, ఇక్కడ కలిపితే ఇద్దరికీ గందరగోళం.

గామా కౌంటర్ (విశాఖ)

కాగితాల సంగతి పైన చెప్పారు. రోజుల లెక్క నేను చెబుతాను. ఎన్ని రోజులన్నది ఆఫీసు తేల్చేది కాదు, డిటెక్టర్ తేల్చేది. కాబట్టి అప్లికేషన్ రాసేముందు ఆ ప్రొఫెసర్ గారికి ఇంకో మెయిల్ పెట్టి మూడు సంగతులు అడగండి. డిటెక్టర్ ఏ రకం? వారంలో నాకు ఎన్ని రోజులు ఇస్తారు? శాంపిల్ నింపే డబ్బా ఏది, ఎంత ఎత్తు నింపాలి?

మొదటిది అన్నిటికంటే ముఖ్యం. లెడ్-210 గామా రేఖ 46.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది, చాలా నీరసమైన రేఖ.

బుల్లిబాబు (అమలాపురం)

జెర్మేనియం డిటెక్టర్ అని వాళ్ల వెబ్‌సైట్‌లో రాసి ఉంటే చాలు కదండీ. అన్ని గామా రేఖలూ అందులో కనపడతాయి.

గామా కౌంటర్ (విశాఖ)

అక్కడే దెబ్బ తింటారు. పర్యావరణ శాంపిళ్లలో పొటాషియం, థోరియం చూడటానికి కొన్న మామూలు పి-టైప్ కోయాక్సియల్ డిటెక్టర్లు చాలా చోట్ల ఉన్నాయి. వాటి జెర్మేనియం పైపొర మందంగా ఉంటుంది, మీద అల్యూమినియం మూత. 46.5 రేఖ ఆ పొరలోనే చాలావరకు ఆరిపోతుంది. 352, 609 దగ్గర రేఖలు చక్కగా నిలబడతాయి కాబట్టి మెషీన్ బాగానే ఉందనిపిస్తుంది, తీరా చూస్తే మనకి కావలసిన శిఖరం మాత్రం ఉండదు. పలుచని కిటికీ ఉన్న బ్రాడ్ ఎనర్జీ డిటెక్టర్ గానీ, వెల్ రకం గానీ కావాలి. "46.5 దగ్గర మీ ఎఫిషియన్సీ కాలిబ్రేషన్ ఉందా?" అని ఒక్క ముక్క అడగండి. "ఉంది, ఫలానా స్టాండర్డ్‌తో చేశాం" అని జవాబొస్తే వెళ్లొచ్చు. "వచ్చాక చూద్దాం" అంటే అక్కడికి టికెట్ తీయకండి. ఐ-స్టెమ్ పోర్టల్‌లో పరికరాల వివరాలు ఉంటాయి, ఇంకో చోటు అక్కడ వెతుక్కోవచ్చు.

ఇక రోజులు. మనం కొలిచేది రెండు. మొత్తం లెడ్-210 ఒకటి, మట్టిలోనే ఉన్న రేడియం-226 నుంచి పుట్టే వాటా రెండోది. రెండో దాన్ని మొదటి దాంట్లోంచి తీసేస్తే, గాలిలోంచి పడి ఏటేటా తరిగిపోయే వాటా మిగులుతుంది. వయసు దాని మీదే కడతాం. రేడియం వాటా తెలియాలంటే పొడిని డబ్బాలో గాలి పోకుండా మూసి కనీసం మూడు వారాలు ఉంచాలి. లోపల పుట్టే రాడాన్ వాయువు అర్ధాయువు 3.8 రోజులే కాబట్టి 21 రోజులకి అది రేడియంతో సమస్థితికి వస్తుంది. ఇది తెలియక నెల రోజులకి అనుమతి తీసుకుని వెళ్తే, డబ్బాలు మూసి మూడు వారాలు చూస్తూ కూర్చుని, చివరి వారంలో నాలుగైదు శాంపిళ్లతో తిరిగొస్తారు.

మడఅడవి స్కాలర్ (కాకినాడ)

అయితే 21 రోజులు కలిపి అడగాలా అండి? అప్పుడు రెండు నెలలు దాటుతుంది. గైడ్ గారు ఒప్పుకోరేమో.

గామా కౌంటర్ (విశాఖ)

కలపక్కర్లేదు. ఆ 21 రోజులు కాకినాడలోనే గడపండి. వాళ్ల ల్యాబ్ స్టాండర్డ్ ఏ డబ్బాలో ఉందో అవే ఖాళీ డబ్బాలు ఓ పాతిక పోస్టులో పంపమనండి. ఇక్కడే 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, మెత్తగా నూరి, వాళ్లు చెప్పిన ఎత్తు దాకానే నింపి, బరువు మిల్లీగ్రాము దాకా తూచి, మూత చుట్టూ ఎపాక్సీ పూసి, డబ్బా మీద మూసిన తేదీ రాయండి. ఒట్టి మర మూతని నమ్మకండి, రాడాన్ కారిపోతుంది. మీ చేతికి దొరికిన డబ్బాలో నింపినా, అర సెంటీమీటరు ఎక్కువ నింపినా వాళ్ల కాలిబ్రేషన్ మీ శాంపిల్‌కి పనికిరాదు.

కారిందో లేదో తెలుసుకోవడానికి ఒక శాంపిల్‌ని మొదటి వారంలో ఒకసారి, ఆఖరి వారంలో ఇంకోసారి కౌంట్ చేయండి. రాడాన్ నుంచి పుట్టేవాటి రేఖ 352 దగ్గర వస్తుంది, అక్కడి లెక్క ఎర్రర్ దాటి తగ్గితే మూత కారుతున్నట్టే. పెరిగితే మొదటిసారి తొందరపడ్డారని అర్థం.

మీ కోర్‌ని ఎలా కోశారు?

మడఅడవి స్కాలర్ (కాకినాడ)

పై 10 సెంటీమీటర్లు ఒక్కో సెంటీమీటరు చొప్పున, కింద 40 రెండేసి సెంటీమీటర్ల చొప్పున. మొత్తం 30 ముక్కలు.

గామా కౌంటర్ (విశాఖ)

30 కూడా కొలవక్కర్లేదు. 14తో మొదలుపెట్టండి. పైన ఒకటి విడిచి ఒకటి, కింద దూరం దూరంగా. లెక్క ఇలా వేసుకోండి. పైపొరలు తొమ్మిది అనుకుంటే ఒక్కోదానికి ఒక రోజు, అంటే 80 వేల సెకన్ల పైచిలుకు. అడుగు పొరలు ఐదు. వాటిలో లెడ్-210 తరిగిపోయి ఉంటుంది కాబట్టి ఒక రోజు చాలదు, రెండేసి రోజులు కావాలి. ఖాళీ డబ్బాతో బ్యాక్‌గ్రౌండ్ రెండు రోజులు, స్టాండర్డ్ రెండు రోజులు, మళ్లీ కొలిచేవి రెండు. మొత్తం 25 మెషీన్ రోజులు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. అడుగు పొరల్ని శుక్రవారం సాయంత్రం పెట్టి సోమవారం ఉదయం తీయండి. శని, ఆదివారాల్లో వాళ్ల వాళ్లెవరూ మెషీన్ అడగరు. ఐదు అడుగు పొరలు ఐదు వారాంతాల్లో అయిపోతాయి. మిగతా 15 రోజుల పని సోమవారం నుంచి గురువారం వరకు పెట్టుకుంటే నాలుగు వారాలు. అంటే మొత్తం ఐదు వారాల్లో కౌంటింగ్ ముగుస్తుంది. ముందు కొన్ని రోజులు ఐడీ కార్డు, హాస్టలు, మెషీన్ నేర్చుకోవడం. వెనక ఒక వారం లిక్విడ్ నైట్రోజన్ ఆలస్యాలకీ కరెంటు పోవడాలకీ. డిటెక్టర్ ఒకసారి వేడెక్కిందంటే మళ్లీ చల్లబడి కుదురుకోవడానికే రోజులు పోతాయి. అలా 45 రోజులు. ఈ లెక్క మొత్తాన్ని ఒక పేజీలో అప్లికేషన్‌కి జత చేయండి. కారణం చూపించి 45 అడిగితే ఎవరూ 30కి కోయరు. ఊరికే 60 అడిగితే ఖాయంగా కోస్తారు.

టపాల్ సెక్షన్ (రాజమండ్రి)

పై మాట బంగారం. ఫైలు మీద నోట్ రాసే గుమాస్తాకి లెడ్-210 తెలియక్కర్లేదు, "జతచేసిన పని పట్టిక ప్రకారం 45 రోజులు" అని రాసుకోవడానికి ఒక కాగితం ఉంటే చాలు.

తేదీల దగ్గర జాగ్రత్త. అటువాళ్లు స్లాట్ జరిపారంటే మీ ప్రొసీడింగ్స్‌లో తేదీలు తప్పిపోతాయి, మళ్లీ సవరణ ప్రొసీడింగ్స్ కావాలి. అందుకని "జనవరి 20 నుంచి మార్చి 31 లోపు, అక్కడ చేరిన తేదీ నుంచి 45 రోజులు, ప్రయాణ దినాలు అదనం" అని అడగండి. కొన్ని ఆఫీసులు అచ్చంగా నుంచి-వరకు తేదీలే కావాలంటాయి. అప్పుడు ఒక వారం ఆలస్యంగా మొదలయ్యేలా రాయండి, అనుకున్నదానికంటే ముందు తేదీ మాత్రం రాయకండి.

ఇంకోటి, ఆర్ఏసీ. 2022 రెగ్యులేషన్స్ ప్రకారం ప్రతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రజెంటేషన్ ఇవ్వాలి. మీరు వెళ్లే కాలం దాని మీద పడకుండా చూసుకోండి. వెళ్లేముందే ఆర్ఏసీలో ఈ పని సంగతి పెట్టించి, మినిట్స్‌లో "ఫలానా విశ్లేషణ బయట చేయించుటకు సిఫారసు చేయడమైనది" అన్న ఒక వాక్యం రాయించుకుంటే పైవాళ్ల ప్రశ్నలు సగం తగ్గుతాయి.

అప్లికేషన్ ఇంగ్లీషులోనే పెడతారు, విషయం మాత్రం ఇంత ఉంటే చాలు:

"రిజిస్ట్రార్ గారికి, గైడ్, హెచ్‌ఓడీ, డీన్ ద్వారా. విషయం: పీహెచ్‌డీ థీసిస్ పని నిమిత్తం ఫలానా యూనివర్సిటీ ఫలానా విభాగంలో 45 రోజులు పనిచేయుటకు అనుమతి, ఆన్ డ్యూటీగా పరిగణన. నా థీసిస్‌లోని మూడవ లక్ష్యానికి ఒండ్రు పొరల వయసు నిర్ధారణ అవసరం. అందుకు కావలసిన గామా స్పెక్ట్రోమీటర్ మన యూనివర్సిటీలో లేదు. ఫలానా ప్రొఫెసర్ గారు అంగీకార పత్రం ఇచ్చినారు. ఈ కాలమునకు ఫెలోషిప్ కొనసాగించి, విశ్లేషణ రుసుమును కంటింజెన్సీ నుంచి అనుమతించవలెనని ప్రార్థన. హాజరు పత్రం ప్రతి నెలా అక్కడి ఇన్‌చార్జి సంతకంతో పంపగలను. జతపరచినవి: అంగీకార పత్రం, పని పట్టిక, కొటేషన్, ఆర్ఏసీ మినిట్స్, రిజిస్ట్రేషన్ ఉత్తర్వు కాపీ."

అంగీకార పత్రం అంటే మెయిల్ ప్రింట్ కాదు. లెటర్‌హెడ్ మీద, సంతకంతో, మీ పేరు, పని, కాలం, రుసుము నాలుగూ ఉండాలి. "రండి, చేసుకోండి" అన్న మెయిల్ చూపిస్తే సెక్షన్‌లో నవ్వుతారు.

టపాల్‌లో ఇచ్చినప్పుడు ఇన్‌వర్డ్ నంబరు రాయించుకోవడం మరవకండి. ఫైలు ఎక్కడుందని అడగాలంటే ఆ నంబరే దిక్కు. ప్రయాణానికి కనీసం ఆరు వారాల ముందు ఇవ్వండి.

బుల్లిబాబు (అమలాపురం)

సరేనండి, ఒప్పుకుంటున్నాను. అయితే ఇలా బయటికి వెళ్లిన రోజులు పీహెచ్‌డీ ఆరేళ్ల గడువులోంచి తీసేస్తారు కదా? అదో లాభం.

టపాల్ సెక్షన్ (రాజమండ్రి)

తీసేయరు. ఆన్ డ్యూటీ అంటే మీరు పనిలో ఉన్నట్టే, గడియారం తిరుగుతూనే ఉంటుంది. అడ్మిషన్ తేదీ నుంచి ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండు. మహిళలకి ఆ పైన మరో రెండేళ్ల సడలింపు ఉంది, ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా విడిగా ఉంది. ల్యాబ్ పనికి అలాంటి మినహాయింపు లేదు.

సీతానగరం పోస్ట్‌డాక్

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. సైన్సు వాళ్లకి యూజీసీ కంటింజెన్సీ మొదటి రెండేళ్లు ఏడాదికి 12 వేలు, తర్వాత 25 వేలు. అటువాళ్లు శాంపిల్‌కి 1,500 అంటారనుకుందాం. 14 శాంపిళ్లకి 21,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 3,780, మొత్తం 24,780. అంటే ఏడాది కంటింజెన్సీ అక్కడికక్కడే ఊడ్చుకుపోతుంది. 30 శాంపిళ్లూ అంటే 53,100. కాబట్టి కొటేషన్ అడిగేటప్పుడే రెండు మాటలు తేల్చుకోండి. పని మీరే చేసుకుంటున్నారు కాబట్టి శాంపిల్ రేటు బదులు నెలకి ఇంత అని బెంచ్ ఫీజు తీసుకుంటారా? రిపీట్లకి, బ్యాక్‌గ్రౌండ్‌కి మళ్లీ వసూలు చేస్తారా? బిల్లు మీద మీ పేరుతోపాటు మీ యూనివర్సిటీ పేరు, పని, తేదీలు, జీఎస్టీ విడిగా ఉండేలా చూడండి. మీ ఖాతా నుంచి కట్టితే యూటీఆర్ నంబరు దాచండి.

రెండోది, పేపర్. ఆ ప్రొఫెసర్ గారి పేరు పెట్టాలా వద్దా అన్నది వెళ్లకముందే మీ గైడ్ గారూ ఆయనా మాట్లాడుకోవాలి. రుసుము కట్టి మెషీన్ వాడుకుంటే కృతజ్ఞతల్లో పేరు చాలని నా అభిప్రాయం. ఆయన కూర్చుని లెక్కలు కట్టి మోడల్ ఎంచుకుంటే సహరచయితే.

గామా కౌంటర్ (విశాఖ)

ఇందులో నేను ఒప్పుకోను. 45 రోజులు డిటెక్టర్ ఇవ్వడం, కాలిబ్రేషన్ ఆయనదే కావడం చిన్న సంగతి కాదు. ఆ కాలిబ్రేషన్ లేకపోతే మీ దగ్గర అంకెలే ఉండవు. పేరు పెట్టాల్సిందే.

సీతానగరం పోస్ట్‌డాక్

రుసుము దేనికి కట్టినట్టు మరి? కాలిబ్రేషన్ కూడా ఆ సేవలో భాగమే కదండీ. అలా అయితే ప్రతి పేపర్‌లోనూ టెక్నీషియన్ పేరుండాలి, ఎవరూ పెట్టరు.

గామా కౌంటర్ (విశాఖ)

పెట్టకపోవడం సరైనదని నేననలేదు. సరే, ఇది ఇక్కడ తెగదు. ఆ అమ్మాయి గైడ్ గారికి వదిలేద్దాం. ఆ ప్రొఫెసర్ గారిని కో-సూపర్‌వైజర్‌గా మాత్రం పెట్టుకోకండి. ఆరు వారాల పనికి అది అనవసరం, దానికి ఇంకో ఫైలు.

తిరిగొచ్చేటప్పుడు ఎక్సెల్ షీట్ ఒక్కటే తెచ్చుకోకండి. స్పెక్ట్రమ్ ఫైళ్లు అన్నీ కావాలి. జీనీ సాఫ్ట్‌వేర్ అయితే `.CNF` ఫైళ్లు. బ్యాక్‌గ్రౌండ్‌వి, స్టాండర్డ్‌వి కూడా. స్టాండర్డ్ సర్టిఫికెట్ ఫోటో, ప్రతి డబ్బా బరువు, మూసిన తేదీ, కౌంట్ మొదలైన సమయం. 46.5 రేఖని మట్టి కూడా కొంత మింగేస్తుంది, ఆ దిద్దుబాటు ఎలా చేశారో రాసుకుని రండి. రివ్యూయర్ అడిగేది అదే. అప్పుడు మళ్లీ వాళ్లని బతిమాలుకోవాలి.

సీజియం-137 రేఖ 661.7 దగ్గర వస్తుందేమో కూడా చూడండి, 1963 నాటి అణు పరీక్షల ధూళి గుర్తు దొరికితే వయసుకి రెండో సాక్ష్యం. కానీ మన అక్షాంశాల్లో అది బాగా తక్కువ పడింది, కనపడకపోవచ్చు. దాని మీద అధ్యాయం కట్టుకోకండి.

మడఅడవి స్కాలర్ (కాకినాడ)

సీజియం దొరకకపోతే 1986 ఆగస్టు వరద పొరని గుర్తుగా తీసుకోవచ్చా అండి? కోర్‌లో 20 సెంటీమీటర్ల దగ్గర సన్నని ఇసుక చార ఒకటి ఉంది.

గామా కౌంటర్ (విశాఖ)

మంచి ఆలోచనే, కానీ ముందే దానికి 1986 అని పేరు పెట్టేయకండి. ఆ చార 1996 నవంబరు తుపానుది కూడా కావచ్చు. ముందు లెడ్ లెక్క కట్టి, ఆ లోతుకి ఏ ఏడు వస్తుందో చూసి, అప్పుడు పోల్చండి. ఇసుకలో లెడ్-210 తక్కువ పట్టుకుంటుంది కాబట్టి ఆ చార దగ్గర గ్రాఫ్ కిందికి దిగుతుంది, దాన్ని వయసు అనుకోకూడదు. ఆ చారకి పైన ఒకటి, కింద ఒకటి పొరలు ఆ 14లో ఉండేలా ఎంచుకోండి. వరద పైపొరని కోసుకుపోయి ఉంటే మధ్యలో కొన్నేళ్లు అసలే ఉండవు, అది మాత్రం లెడ్‌తో తేలిగ్గా బయటపడదు.

సీతానగరం పోస్ట్‌డాక్

ఇంకో కాగితం. కోరంగి అభయారణ్యం కదా, శాంపిళ్లు తీయడానికి అటవీశాఖ అనుమతి ఉందా? వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద శాస్త్రీయ పరిశోధనకి ఇచ్చేది. దాని కాపీ కూడా జత చేయండి. అనుమతిలో శాంపిళ్లు బయటికి తీసుకెళ్లడం గురించి షరతు ఉందేమో ఒకసారి చదవండి. రాష్ట్రం దాటిస్తున్నారు మరి.

మడఅడవి స్కాలర్ (కాకినాడ)

అనుమతి ఉంది అండి, గైడ్ గారి పేరు మీద ఉంది. నా పేరు లేదు. శాంపిళ్లు తీసుకెళ్లడం గురించి ఏమీ రాయలేదు.

టపాల్ సెక్షన్ (రాజమండ్రి)

అయితే గైడ్ గారి చేత ఒక కాగితం రాయించుకోండి. ఈ స్కాలర్ నా పర్యవేక్షణలో, నా అనుమతి కింద తీసిన శాంపిళ్లను విశ్లేషణకి తీసుకెళ్తున్నది, ఇన్ని డబ్బాలు, ఇంత బరువు, ఆరబెట్టిన సహజమైన మట్టి, ప్రమాదకర పదార్థం కాదు అని. డబ్బాలు రైల్లో మీతోనే పట్టుకెళ్లండి. కొరియర్ వాడు మట్టి పొడి అనగానే సవాలక్ష అడుగుతాడు. అనుమతిలో మీ పేరు చేర్చమని రేంజ్ ఆఫీసులో ఒక ఉత్తరం ఇవ్వడం కూడా మంచిదే, జవాబు ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేం.

వెళ్లిన రోజు అక్కడ జాయినింగ్ రిపోర్టు ఇచ్చి, కాపీ మన సెక్షన్‌కి మెయిల్ చేయండి. హాజరు పత్రం నెలాఖరు దాకా ఆగకుండా 25వ తేదీకల్లా పంపించండి, పోర్టల్‌లో కన్ఫర్మేషన్ ఎక్కించేది ఆ తర్వాతే. పని అయ్యాక వాళ్ల దగ్గర రిలీవింగ్ లెటర్, ఇక్కడ తిరిగి చేరిన రిపోర్టు. ఈ నాలుగూ ఉంటే ఆడిట్‌కి ఇంకేమీ అక్కర్లేదు.

లెక్చరర్ రావులపాలెం

హెచ్‌ఆర్‌ఏ సంగతేంటండీ? అక్కడ హాస్టల్లో ఉంటే ఇక్కడి హెచ్‌ఆర్‌ఏ ఆపుతారా?

టపాల్ సెక్షన్ (రాజమండ్రి)

రెండు రకాలుగానూ నడిపే ఆఫీసులు ఉన్నాయి. హెడ్‌క్వార్టర్స్ మారలేదు కాబట్టి కొనసాగించాలని కొందరు, ఇక్కడ హాస్టల్లో ఉన్న స్కాలర్‌కి అసలే రాదు కాబట్టి ప్రశ్నే లేదని కొందరు. మీ ఫైనాన్స్ సెక్షన్‌లో అడిగి, ఇచ్చిన జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

సీతానగరం పోస్ట్‌డాక్

అమ్మాయి ఇక్కడ యూనివర్సిటీ హాస్టల్లో ఉంటే ప్రొసీడింగ్స్ కాపీ ఒకటి వార్డెన్‌కి కూడా ఇవ్వాలి. మెస్ రిబేట్ ముందే రాసిస్తేనే ఇస్తారు, తిరిగొచ్చాక అడిగితే లేదంటారు.

మడఅడవి స్కాలర్ (కాకినాడ)

చాలా థాంక్స్ అండి. ప్రొఫెసర్ గారికి మెయిల్ పెట్టాను. డిటెక్టర్ వెల్ రకమేనట, 46.5 దగ్గర కాలిబ్రేషన్ ఉందట, ఖాళీ వయల్స్ పంపిస్తామన్నారు. వారంలో నాలుగు రోజులూ, వారాంతాలూ ఇస్తారట. రుసుము గురించి మాత్రం జవాబు రాలేదు. అది రాకుండా అప్లికేషన్ టపాల్‌లో ఇచ్చేయొచ్చా?

టపాల్ సెక్షన్ (రాజమండ్రి)

ఇవ్వకండి. కొటేషన్ లేకుండా పంపితే అనుమతి వస్తుంది గానీ "యూనివర్సిటీకి ఎలాంటి ఆర్థిక భారం లేకుండా" అనే ముక్క అందులో చేరిపోతుంది. ఆ ముక్క పడ్డాక కంటింజెన్సీ బిల్లు పాస్ చేయించుకోవడం కష్టం. రెండు రోజులు చూసి ఆయనకి ఫోన్ చేయండి. ఈలోగా వయల్స్ వచ్చేస్తే నింపి మూసేయండి, 21 రోజుల లెక్క మొదలవుతుంది.

గామా కౌంటర్ (విశాఖ)

వెల్ రకం అయితే వయల్‌లో కొద్ది గ్రాములే పడతాయి, బాగా నూరి, తట్టి తట్టి నింపండి, ఖాళీలు ఉండకూడదు. ఒకటి రెండు వయల్స్ ఖాళీగానే మూసి ఉంచండి, బ్యాక్‌గ్రౌండ్‌కి అవే కావాలి.